పాత కార్డుకి ఖుదా హాఫిజ్

మా ఆపా కొడుకు ఇంగ్లిషు నేర్చుకోడానికి ఓ విదేశీ వెబ్‌సైటుకి నెలనెలా చందా కడుతున్నారు. కార్డు మా ఆపాది. మొన్న ఆ కంపెనీ నుంచి మెయిలొచ్చింది: ‘మా సర్వర్లలోకి బయటివాళ్లు చొరబడ్డారు, కొందరి కార్డు నంబర్లు, గడువు తేదీలు వాళ్ల చేతికి చిక్కి ఉండొచ్చు.’ ఆపా పరేషాన్ అయిపోయి ఫోన్ చేసింది. ‘యాప్ తీసేశాను రే, ఇంకేం ఫికర్ లేదు కదా?’ అంది.

ఫికర్ ఉంది. ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు, కార్డు వాళ్ల దగ్గరినుంచి చెరిగిపోదు.

ముందు ఒక ఫరక్ తెలుసుకోవాలి. మన దేశంలోని దుకాణాలు, యాప్‌లు 2022 అక్టోబర్ 1 నుంచి కార్డు నంబరు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంకు హుకుం. నంబరుకి బదులు ‘టోకెన్’ ఉంటుంది. అది ఆ దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లదు, దొంగకి దొరికినా పెద్ద ఫాయిదా లేదు. విదేశీ సైట్ల సంగతి వేరు. వాళ్ల దగ్గర అసలు నంబరే ఉండొచ్చు. పైగా చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగేస్తాయి. ఆపా కేసు ఇదే.

మెయిల్లోని లింకు నొక్కొద్దన్నాను. ఇలాంటి ఖబర్ రాగానే అచ్చం అలాంటి నకిలీ మెయిళ్లు కూడా బయల్దేరతాయి. సైటు అడ్రసు తనే టైపు చేసి చూసింది, ఖబర్ నిజమే. వెంటనే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరిచి, అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ ఆపేయించాను. అర నిమిషం పని, కానీ దొంగకి పెద్ద దర్వాజా మూసుకుంది. ఇక మిగతా పని తసల్లీగా చేసుకోవచ్చు.

తర్వాత చందా రద్దు. సైటులో అకౌంటు తెరిచి రద్దు చేసింది, ‘రద్దయింది’ అన్న మెయిలు వచ్చేదాకా ఆగాం. అక్కడితో సగమే అయినట్టు. నెలనెలా డబ్బు తీసుకొమ్మని బ్యాంకుకిచ్చిన ఇజాజత్ ఒకటుంటుంది, దాన్ని ఈ-మాండేట్ అంటారు. బ్యాంకు వైపు నుంచి దాన్నీ రద్దు చేశాం.

ఆ తర్వాతే దాచిన కార్డు చెరిపేయడం. ఈ వరస ఎందుకంటే, చందా నడుస్తున్నంతసేపూ చాలా సైట్లు కార్డు తీయనివ్వవు, ‘ముందు ఇంకో కార్డు పెట్టండి’ అంటాయి. ఆపాకి రద్దు చేశాక కూడా తీసేసే బటన్ పనిచేయలేదు. కట్టిన నెల ఇంకా తొమ్మిది రోజులుంది. దాచిన పేమెంటు వివరాలు చెరిపేయమని కస్టమర్ కేర్‌కి రాయించాను. రెండ్రోజులకి చెరిపేశామని జవాబొచ్చింది, పేజీలో కార్డు చివరి నాలుగు అంకెలు కూడా మాయమయ్యాయి. అది నిశానీ. అయితే ఇప్పుడు చెరిపింది ఇకముందు దొంగతనాలకే అడ్డు. పోయిన నంబరు పోయినట్టే.

అందుకే కార్డు మార్చాలి. పిన్ మారిస్తే లాభం లేదు, ఆన్‌లైన్ దొంగకి పిన్‌తో పనిలేదు. పాత కార్డుని పూర్తిగా బ్లాక్ చేసి, కొత్త నంబరుతో కార్డు కావాలని అడగాలి. బ్లాక్ చేసేముందు ఆ కార్డు మీద ఇంకేం నడుస్తున్నాయో కాగితం మీద రాయించాను: కరెంటు బిల్లు, ఫోను బిల్లు. కొత్త కార్డొచ్చాక వాటికి మళ్లీ జోడించుకోవాలి. అకౌంటు నంబరు మారదు కాబట్టి యూపీఐకి ఏ తక్లీఫూ రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడ కార్డు నెట్‌వర్కులు మారిన నంబరుని పాత వ్యాపారులకి వాటంతటవే అందించే సర్వీసు ఉంది. చందా రద్దు చేయకుండా కార్డు ఒక్కటే మారిస్తే కోత కొత్త కార్డు మీద కొనసాగొచ్చు.

ఇక నిఘా. దొంగలు ముందు చిన్న రఖం లాగి కార్డు బతికుందో లేదో చూస్తారు. డాలరే కదా అని వదిలేయొద్దు. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా ఇలా మూడోవాళ్ల దగ్గర డేటా పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు మీరు ఫిర్యాదు చేస్తే ఆ నష్టం మీమీద పడదని రిజర్వ్ బ్యాంకు 2017 నియమం. ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోండి. డబ్బు పోతే 1930కి కూడా ఫోన్ చేయండి.

కార్డు మారుతుంది గానీ పేరు, ఫోను నంబరు మారవు. ‘మీ చందా డబ్బు వాపస్ ఇస్తాం’ అంటూ పాత కార్డు చివరి నాలుగు అంకెలు చదివి వినిపించే ఫోన్లు నెలల తర్వాత కూడా రావొచ్చు. ఆ అంకెలు తెలియడం బ్యాంకువాడనడానికి సబూతు కాదు. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ముద్రించిన నంబరుకి మీరే చేయండి.