11 నెలల కాగితం

పోస్టు కాస్త పొడుగే. మనలో కౌలు చేసేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మాది గుడివాడ పక్కన పల్లెటూరు. నా చిన్ననాటి స్నేహితుడు 2015 సంక్రాంతి వెళ్లగానే హైదరాబాదు పోయాడు. వాడి మూడెకరాల మాగాణి అప్పట్నుంచీ నేనే చేస్తున్నా. 2025 సంక్రాంతికి వాడు వస్తే బెజవాడ బస్టాండు నుంచి బండి మీద ఎక్కించుకొచ్చా. సాయంత్రం ఇద్దరం చేలోకెళ్లి గట్టు మీద కూర్చున్నాం.

"పదేళ్లయిందిరా. నువ్వే నయం, సొంత ఊళ్లో ఉన్నావు. నేనింకా అద్దె కొంపలోనే" అన్నాడు.

"సరే, లెక్క వేసుకుందాం" అన్నా.

వాడు వెళ్లిన ఏడాది మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటా 1,360. అంటే 75 కిలోల బస్తా 1,020. 2024-25లో క్వింటా 2,300, బస్తా 1,725. "బానే పెరిగిందిగా!" అన్నాడు. పెరిగింది. కానీ అప్పుడు ఎకరాకి 32 బస్తాలు పండితే వాడికి 20 కొలిచేవాణ్ణి. ఇప్పుడు 34 పండితే 22 కొలుస్తున్నా. నాకు మిగిలేవి అప్పుడూ 12, ఇప్పుడూ 12. ఆ 12 బస్తాలకి అప్పుడు 12 వేల చిల్లర వచ్చేది, ఇప్పుడు 20 వేల పైన. పెట్టుబడి చూస్తే అప్పుడు 20 వేలు, ఇప్పుడు 36 వేలు. సార్వాలో తగ్గేది ఎకరాకి ఏడెనిమిది వేల నుంచి 15 వేలకి చేరింది. ఆ లోటు పూడ్చేది తర్వాత వేసే మినుమే. మినుముకి కౌలు లేదు కాబట్టే ఇంకా నాగలి వదల్లేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడి లెక్క చెప్పాడు. జీతం పెరిగింది, అద్దె అంతకన్నా పెరిగింది. పదేళ్లలో నాలుగిళ్లు మారాడు. మనం పంపే కౌలు పిల్లల ఫీజులకే సరి. వాడి మాటా అబద్ధం కాదు.

అప్పుడు అడిగా, నాలుగు నెలలుగా గొంతులో ఉన్న మాట. "మొన్న సెప్టెంబర్లో నీ ఖాతాలో డబ్బులేమైనా పడ్డాయా?"

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునగడం అందరికీ తెలుసు. ఆ నీళ్లే కిందికొచ్చి మన చేల మీద పడ్డాయి. ఊడ్చిన వరి వారం పైగా నీళ్లలో ఉండి కుళ్లిపోయింది. ఎకరాకి 10 వేల చొప్పున పరిహారం ఇచ్చారు. ఈ-పంటలో పేరు వాడిది కాబట్టి డబ్బూ వాడికే వెళ్లింది.

వాడు ఫోన్ తీసి మెసేజీలు వెనక్కి జరిపాడు. 30 వేలు. "ఏదో పథకం అనుకున్నారా..." అన్నాడు. ముఖం చిన్నబోయింది.

"తప్పు నీది కాదు. నాకు కార్డు లేదు, అంతే" అన్నా. 2011 చట్టంలో ఇచ్చిన రుణ అర్హత కార్డుకి యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో సంతకం కావాలి. నేను రెండుసార్లు అడిగా, రెండుసార్లూ దాటేశాడు. సంతకం పెడితే పొలం పోతుందని ఎవరో చెప్పారట.

"నీ అద్దె ఇంటికి అగ్రిమెంటు ఉందా?" అనడిగా.

"ఉంది. అది లేకపోతే గ్యాసు కూడా మారదు."

"ఎన్నాళ్లకి?"

"11 నెలలు."

"నీ ఓనరు ఇల్లు పోయిందా?"

వాడికి నవ్వొచ్చింది. మన కార్డూ 11 నెలలకే. పంట మీదే హక్కు, భూమి మీద కాదని చట్టంలోనే రాసుంది. అప్పుకీ, బీమాకీ, పరిహారానికీ పనికొస్తుంది.

కనుమ నాడు వెళ్తూ వెళ్తూ 30 వేలూ నా ఫోన్‌కి పంపాడు. ఆ ఏడు కౌలు సగమే తీసుకున్నాడు కాబట్టి కొంత తిరిగిస్తానన్నా, వద్దన్నాడు. జూన్‌లో వచ్చి సంతకం పెడతానన్నాడు. వస్తాడో రాడో చూడాలి. మాట మాత్రం ఇచ్చాడు.

అన్నలూ, ఒక్క మాట. స్నేహితుడి పొలమో, బంధువు పొలమో చేసేవాళ్లం మొహమాటపడి అడగం. అడిగేదేదో ఏరువాకకి ముందే, ఎదురెదురుగా కూర్చుని అడగండి. ఈ-పంట జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడు వెళ్లి మీ చేను ఎవరి పేరున ఉందో చూసుకోండి. నీళ్లొచ్చాక చూసుకుంటే లాభం లేదు.