రక్తం కావాలని రాసిన రెండు మెసేజీలు

మా అక్క బిడ్డకు ఆపరేషన్ అని సోలాపూర్‌లో ఆసుపత్రిల చేర్చినం. మరునాడు పొద్దున 10 గంటలకు ఆపరేషన్. బి నెగటివ్ రక్తం రెండు సంచులు సిద్ధంగా పెట్టుకోమన్నారు డాక్టరు. కార్ఖానా నుంచి అటే పోయిన నేను చేతులు వణుకుతుంటే మన వాడ గ్రూపులో రాసిన: "చాలా అర్జెంట్! ప్రాణాపాయం! బి నెగటివ్ రక్తం కావాలి. అందరికీ పంపండి."

పావుగంటలో ఫోన్లే ఫోన్లు. ఎక్కడ, ఎవరికి అని అడిగేవాళ్లే గాని వచ్చేవాళ్లు లేరు. భివండి నుంచి ఒకాయన బి నెగటివ్ ఉన్నదన్నాడు, అంత దూరం నుంచి ఎప్పుడొస్తడు? ఊళ్లో మా పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పిల్లేమో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నది.

మా జాబర్ మామ ఫోన్ చూసి, "అరే, ఆసుపత్రి పేరు లేదు, తారీఖు లేదు. భయం ఒక్కటే రాసినవ్" అన్నడు. ఆయన చెప్పినట్టు మళ్లీ రాసిన:

"14 మార్చి, గురువారం, సాయంత్రం 6. రేపటి ఆపరేషన్‌కు బి నెగటివ్ రక్తం, 2 సంచులు కావాలి. రోగి క్షేమంగానే ఉంది. బి నెగటివ్ వాళ్లు రాత్రి 9 లోపు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు రావాలి." కింద ఆసుపత్రి పేరు, అంతస్తు, నా ఒక్క నంబరు. "18 నుంచి 65 ఏళ్ల వాళ్లు, 45 కిలోలు దాటినవాళ్లు, ఏమన్నా తిని రండి. అవసరం తీరంగనే ఇక్కడే చెప్త."

పిల్ల పేరు, రోగం పేరు రాయలేదు. అవి ఇచ్చేవాళ్లకు అక్కరలేదు. రాత్రి 9 అని ఎందుకంటే, తీసిన రక్తం వెంటనే ఎక్కించరు. హెచ్‌ఐవీ, కామెర్ల లాంటి పరీక్షలు అయ్యి, రోగి రక్తంతో సరిపోల్చి చూసినాకే ఇస్తరు. ఆపరేషన్ గంట ముందు వచ్చినా లాభముండదు.

ముగ్గురు వచ్చిన్రు. ఒకతను రెండు నెలల కిందే ఇచ్చిండట, మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు గడవాలని వాపస్ పంపిన్రు. ఒక అక్కకు హిమోగ్లోబిన్ 11 ఉంది, 12.5 ఉండాలె. మూడో తమ్ముడు ఇచ్చిండు. ఇంకో సంచి వేరే బ్యాంకులో ఉన్నదని బ్లడ్ బ్యాంకువాళ్లే కనుక్కుని చెప్పిన్రు. 8:40కి "దొరికింది, ఇక రావద్దు, అందరికీ దండాలు" అని పెట్టిన. ఆపరేషన్ మంచిగ అయ్యింది.

రెండు నెలలకు నా మొదటి మెసేజే భివండి చుట్టం ద్వారా నాకే తిరిగొచ్చింది, "చాలా అర్జెంట్! ప్రాణాపాయం!" అని. మా గ్రూపులో తీసేసిన గాని, చేతులు మారినవి ఎట్ల తీస్త? తారీఖు ఉంటే, చూసినోళ్లు పాతదని అక్కడే ఆపుతుండె.