నూట అయిదు నాపరాళ్ళు

"ఇప్పటి పదో తరగతి పేపర్లు మరీ తేలికైపోయినయ్" అని మొన్న వికారాబాద్‌లో, పెద్దనాయన ఇంట్లో, టీ తాగుతూ అనేశాను. అన్న చోటు మంచిది కాదు. పెద్దనాయన ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. ఆయన పక్కనే మనవరాలు కూర్చుని ఉంది. తాండూరులో తెలుగు మీడియంలో పదో తరగతి చదువుతోంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పుస్తకం మూసేసింది. పెద్దనాయన లోపలికి వెళ్ళి, సుతిలితో కట్టిన ప్రశ్నపత్రాల కట్ట తెచ్చి నా ముందు పడేశాడు. "చూసి చెప్పు. ఊరికె అనుడు కాదు."

రెండు రోజులు ఉన్నాను. అనంతగిరి గుట్ట ఎక్కుదామని వచ్చినవాణ్ణి, గుట్ట మొహం కూడా చూడకుండా ఆ కట్టతోనే గడిపాను.

మొదట కనిపించేది భాష. పాత పేపర్లో పరీక్షకుడు ఆజ్ఞాపిస్తాడు. ప్రవచించుము, నిరూపించుము, కనుగొనుము. ఎవరు అడుగుతున్నారో, ఎందుకో తెలీదు. ఆకాశవాణి లాంటి గొంతు. 2015 మార్చి నుంచి పద్ధతి మారింది. అప్పటిదాకా ఒక్కో లెక్కల పేపరు 50 మార్కులకు ఉండేది. అది 40 అయింది, సబ్జెక్టుకు 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మార్కులయ్యాయి. ప్రశ్నలకు "విద్యా ప్రమాణాలు" అని వాటాలు పెట్టారు. లెక్కల్లో సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పి నిరూపించడానికి 20, మిగతాది వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ. దాంతో గొంతు కూడా మారింది. "నీవు ఏకీభవిస్తావా? ఎందుకు?" "నీ జవాబును సమర్థించు." పరీక్షకుడు ఇక్కడ కాస్త ముందుకు వంగి మాట్లాడుతున్నట్టుంటుంది. అక్కడక్కడ పాత "కనుగొనుము" ఇంకా తొంగిచూస్తూనే ఉంటుంది. పేపరు తయారుచేసేవాళ్ళు కూడా పాత పేపర్లు రాసి వచ్చినవాళ్ళే కదా.

సరే, భాష మారింది. కష్టం మారిందా? ఉత్తీర్ణతా శాతాలు చూస్తే చాలదా అని నాకూ అనిపించింది. చాలదు. 2015 తర్వాతి ఫలితాల్లో ఆ 20 మార్కులు కలిసి ఉంటాయి. 2020లో కరోనా వల్ల మధ్యలో ఆగిన పరీక్షలను రద్దుచేసి అందరినీ పాస్ చేశారు, 2021లో పరీక్షలే లేవు. ఈ అంకెలతో పేపరు కష్టాన్ని కొలవడం, సర్వర్ లోడు ఎంతో కరెంటు బిల్లు చూసి చెప్పడం లాంటిది. ప్రశ్న పక్కన ప్రశ్న పెట్టుకుని చూడాల్సిందే.

పెద్దనాయన సలహా మీద రెండు కాలాల్లోనూ ఉన్న పాఠాన్నే తీసుకున్నాను: శ్రేఢులు. పాత మూస ఇలా ఉంటుంది: "4 చేత భాగింపబడు మూడంకెల సంఖ్యల మొత్తమును కనుగొనుము." ఒక్క వాక్యం. మొదటిది 100, చివరిది 996. పదాలు 225. మొత్తం 1,23,300. ఆలోచన తక్కువ, గుణకారం ఎక్కువ. పైగా గైడులో 4 బదులు 7 తో ఇదే లెక్క చేసి ఉంటాం. నేను చేశాను. అర్థమయ్యి కాదు, చేయి అలవాటుపడి.

కొత్త మూసలో నేనొకటి తయారుచేశాను. తాండూరు పిల్ల కాబట్టి నాపరాళ్ళు పెట్టాను. "ఒక పాలిషింగ్ యూనిట్ ముందు 105 నాపరాళ్ళను వరుసలుగా పేర్చారు. అడుగు వరుసలో 15, దానిపై 14, ఆపైన 13, ఇలా ప్రతి వరుసలో ఒకటి తగ్గుతూ పోయింది. మొత్తం ఎన్ని వరుసలు?" సూత్రంలో పెడితే n² − 31n + 210 = 0 వస్తుంది. n విలువలు 10, 21. ఇరవై ఒకటో వరుసలో మైనస్ అయిదు రాళ్ళుండాలి, అందుకని 21 పనికిరాదు. అంకెలు చిన్నవి. కష్టమంతా రెండు చోట్ల ఉంది. ఆ నాలుగు ముక్కల్లోంచి శ్రేఢిని గుర్తుపట్టడం ఒకటి, రెండో విలువను ఎందుకు వదలాలో చెప్పడం రెండోది.

దీన్ని "తేలిక" అనే నోటితో నేను ఇంకో సంగతి మర్చిపోయాను. ఛాయిస్. నేను రాసిన పాత పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్నలు ఎనిమిది ఇచ్చి నాలుగు రాయమనేవారు, ఒక్కో గ్రూపు నుంచి కనీసం రెండు. గ్రూపు పక్కన బ్రాకెట్లో పాఠాల పేర్లు కూడా అచ్చువేసేవారు, ఏది ఎక్కడుందో వెతుక్కునే పని లేకుండా. అంటే సగం ప్రశ్నలు వదిలేయొచ్చు. నేను ప్రమేయాలంటే భయంతో ఆ పాఠాన్ని చాలావరకు వదిలేశాను, అయినా మంచి మార్కులే వచ్చాయి. అయిదు మార్కుల రేఖీయ ప్రణాళిక గ్రాఫు సంగతైతే చెప్పక్కర్లేదు. ఆ రకం ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. ముల్లు గీసిన పెన్సిలు, స్కేలు సిద్ధంగా పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒక్కో ప్రశ్న కష్టంగా కనిపించడం వేరు, పేపరు కష్టంగా ఉండడం వేరు. ఇన్నేళ్ళూ నేను ప్రశ్నను చూసి పేపరును తూచాను.

ఇంకోటి. మాటల లెక్క కష్టం పిల్లవాడి చదువు మీద ఆధారపడుతుంది, లెక్కల మీద కాదు. తాండూరు సరిహద్దు ఊరు. ఇంట్లో కన్నడమో దక్కనీయో మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలుంటారు. "భాగింపబడు" వాళ్ళకు బట్టీ పట్టిన మాట, చూడగానే ఏం చేయాలో తెలుస్తుంది. నాలుగు వాక్యాల కథ అలా కాదు. పాత పరీక్షకుడి గ్రాంథికం కఠినమే, కానీ అది ప్రతి ఏడూ అదే కఠినం.

ఈ సిద్ధాంతమంతా రెండో రోజు సాయంత్రం అమ్మాయి ముందు పెట్టి, నాపరాళ్ళ లెక్క ఇచ్చాను. అయిదు నిమిషాల్లో కాగితం తిరిగిచ్చింది.

"పది వరుసలు బాబాయ్."

సూత్రం లేదు, వర్గ సమీకరణం లేదు. 15, 29, 42, 54, 65, 75, 84, 92, 99, 105. కూడుకుంటూ పోయింది, పదో చోట ఆగింది. నేను అంత మురిసిపోయి పెట్టిన 21 ఆ పిల్లకు ఎదురుపడనే లేదు.

"మరి సూత్రం?" అన్నాను.

"అడగలే కద?"

పెద్దనాయన నవ్వాడు. "ఎన్ని మార్కులేస్తవ్ రా?" నేను తటపటాయించాను. మూల్యాంకన పత్రంలో సూత్రానికి ఒకటి, ప్రతిక్షేపణకు ఒకటి అని ముక్కలుంటే ఈ జవాబు ఎక్కడ ఇముడుతుంది? "నేనైతే నాలుగుకు నాలుగేస్త," అన్నాడు. "తప్పు పిల్లది కాదు, పేపరు తీసినోనిది. పాతోల్లు 225 పదాలు ఎందుకు పెట్టిన్రనుకున్నవ్? కూడుకుంట కూసోకుండ."

అది నాకు తట్టలేదు. పెద్ద అంకెలు మొరటుతనం అనుకున్నాను. దొడ్డిదారి మూయడానికి పెట్టినవి అవి. కొత్త పరీక్షకుడు అంకెలు చిన్నవి చేసినప్పుడు, ఆ దారి మూయడానికి "ఎందుకు" అని ఇంకో ప్రశ్న తప్పకుండా జోడించాలి. జోడించకపోతే కథ మిగులుతుంది, శ్రేఢి పోతుంది. నేను జోడించలేదు.

పెద్దనాయన నా కాగితం తీసుకుని పెన్సిలుతో 15 కొట్టేసి 60 అని రాశాడు. 105 కొట్టేసి, కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కేసి, 1620 అని రాశాడు. కింద ఒక వాక్యం చేర్చాడు: "రెండు విలువలు వచ్చిన, ఒకటి ఎందుకు వదిలితివో రాయుము."

అమ్మాయి కాగితం చూసింది. మొదట అరవై, నూటపందొమ్మిది అని కూడటం మొదలుపెట్టింది. మూడో అంకె దగ్గర ఆగి, మూసిన పుస్తకం మళ్ళీ తెరిచింది.