కాసులపేరు

పెళ్లికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం ఇల్లు కాస్త సద్దుమణిగాక, మా అమ్మాయిని పెట్టెల గదిలోకి పిలిచాను. "పాఠమా అమ్మా?" అంది. రోజూ గంటలకొద్దీ పాఠాలు చెప్పే నాకు ఆవేళ పెగిలినవి నాలుగు మాటలే.

"ఇది మా అమ్మమ్మ మెడలోది. 54 కాసులు. తిరగేసి చూడు, ప్రతి కాసుకీ పైన చిన్న కొంకి ఉందా? రాపిడికి అరిగేది అదే. ఏడాదికోసారి వేలితో కదిపి చూసుకో. పల్చబడితే ఆ ఒక్కటే మార్పించు. అంతా కరిగించి కొత్తది చేయిస్తానని మాత్రం అనకు. అతుకుల్లో టంకం ఉంటుంది. కంసాలి దాన్ని బంగారంగా లెక్కకట్టడు. తరుగు పోతుంది, పైన మజూరీ.

ఈ చివరి రెండు కాసులూ కొంచెం ఎర్రగా లేవూ? అసలువి నా ఎమ్మే ఫీజుకని మీ అమ్మమ్మ అమ్మేసింది. ఉద్యోగం వచ్చాక ఇవి నేను చేయించాను. లక్ష్మి ముఖం కుదరలేదు! నీకూ అవసరమొస్తే అమ్ముకో. ఎవరో అడిగారని మాత్రం ఇచ్చేయకు. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1956 వారసత్వ చట్టంలోనే ఉంది."

అది తల వంచింది. కొక్కెం పెట్టబోతే నా చేతులు వణికాయి.

"ఉండమ్మా, ఆ రెండూ ఏవో మళ్లీ చూపించు," అంది.