మూడు ఊళ్ళ వీడియోలు, ఒక్క తూకం

మా నెట్‌వర్కులో మూడు యూట్యూబ్ చానళ్ళున్నాయి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ పాలమూరు జిల్లాలోవే. జిల్లాలు విడిపోయాక ఎవరి వార్తలు వాళ్ళకి కావాల్సొచ్చి చానళ్ళు కూడా వేరయ్యాయి. గద్వాల చానల్ ముందు మొదలైంది కాబట్టి పెద్దది. వనపర్తిది మధ్యస్తం. నాగర్‌కర్నూల్ ది ఇంకా చిన్నపిల్ల.

నెలకోసారి మూడింటి వీడియోలనీ ఒకే వరుసలో పెట్టి ర్యాంకులివ్వడం నా పని. మొదటి స్థానంలో ఉన్న రిపోర్టరుకి బహుమతి, మూణ్ణెల్లు వరుసగా అడుగున ఉన్నవాళ్ళకి పెట్రోలు ఖర్చులో కోత. వ్యూస్ చూసి ర్యాంకులిస్తే బహుమతి ఎప్పుడూ గద్వాలకే పోతుంది. నాగర్‌కర్నూల్ పిలగాడు ఓసారి అన్నాడు: "అన్నా, మీది కాలువ కింద మడి, మాది మెట్ట చేను. ఇద్దరి వడ్లు ఒక్క కాంటా మీద పెడితే ఎట్ల?"

ఈ లెక్కకి దారి ఆ మాటలోనే ఉంది. మెట్ట చేను దిగుబడిని మెట్ట చేనుతోనే పోల్చాలి, అంటే వీడియోని దాని సొంత చానల్ అలవాటుతో పోల్చాలి. ఆ అలవాటుని ఎలా కొలవాలన్నదే ప్రశ్న.

సబ్‌స్క్రైబర్లతో భాగించమని చాలామంది చెప్తారు. అది కుదరదు. ఎప్పుడో చేరి ఇప్పుడు చూడనివాళ్ళు కూడా ఆ సంఖ్యలో ఉంటారు, పాత చానల్లో అలాంటివాళ్ళు ఎక్కువ. అందుకని గద్వాలకి అన్యాయం జరుగుతుంది. చానల్ పాత వీడియోలకి నిజంగా ఎన్ని వ్యూస్ వచ్చాయన్నదే నమ్మదగిన కొలత. అందులోనూ వయసు సమానంగా ఉండాలి. నెల క్రితం పెట్టినదాన్నీ నిన్న పెట్టినదాన్నీ కలిపి చూడకూడదు. మేము ప్రతి వీడియోకీ మొదటి ఏడు రోజుల వ్యూసే తీసుకుంటాం. షార్ట్స్ ని వేరే పట్టికలో పెడతాం. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్నదానితో పని లేకుండా ఒక వ్యూగా లెక్కపడుతోంది కాబట్టి, ఆ అంకెలు పొడుగు వీడియోల అంకెలతో కలవవు.

ఇప్పుడు సగటు సంగతి. నాగర్‌కర్నూల్ చానల్లో వరుసగా వచ్చిన తొమ్మిది వీడియోల ఏడు రోజుల వ్యూస్ చిన్నదాని నుంచి పెద్దదానికి ఇలా ఉన్నాయనుకోండి (లెక్క తేలిగ్గా కనబడాలని గుండ్రం చేశాను): 200, 300, 400, 900, 1,500, 2,400, 6,000, 9,000, 26,000. వీటి సగటు దాదాపు 5,200. కానీ తొమ్మిదింట్లో ఆరు వీడియోలు ఆ సగటుని అందుకోలేదు. ఒక్క 26,000 వల్ల సగటు పైకి పోయింది. నడిమధ్య నిలిచిన 1,500, అంటే మీడియన్, బడి లెక్కల్లో మధ్యగతం, ఆ చానల్ మామూలు రోజుని నిజంగా చెప్తుంది. కొలుస్తున్న వీడియోని ఈ జాబితాలో కలపకూడదు, దానికి ముందు వచ్చినవే ఉండాలి. ఇక్కడ తొమ్మిది చాలు గానీ, పనిలో ఇరవై ముప్ఫై ఉంటే మేలు.

ఆగస్టులో పోటీ మూడు వీడియోల మధ్య వచ్చిందనుకుందాం. గద్వాలలో జూరాల గేట్లు ఎత్తిన వీడియోకి 64,000. వనపర్తిలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టిన రైతుల వీడియోకి 15,000. నాగర్‌కర్నూల్ నుంచి నల్లమలలో మల్లెలతీర్థం జలపాతం వీడియోకి 6,000. గద్వాల మీడియన్ 20,000, వనపర్తిది 6,000. భాగిస్తే గద్వాలకి 3.2 రెట్లు, వనపర్తికి 2.5 రెట్లు, నాగర్‌కర్నూల్ కి 4 రెట్లు. పిలగాడు గెలిచాడు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగితే తర్వాతి నెల, ఆ పై నెల కూడా నాగర్‌కర్నూలే గెలుస్తుంది. ఎందుకంటే చిన్న చానల్ బాగా ఊగుతుంది. పైన చూశాం కదా, 200 నుంచి 26,000 దాకా. దానికి నాలుగు రెట్లు రావడం మెట్ట చేనులో వాన పడ్డట్టే, అప్పుడప్పుడూ జరిగేదే. కాలువ కింద మడి ఏటా ఒకేలా పండుతుంది. అలాంటి చోట రెండున్నర రెట్లు పండితే ఊరంతా చూడ్డానికొస్తుంది. కాబట్టి సైజుతోపాటు ఊగిసలాటని కూడా సరిచేయాలి.

దానికి రెట్లని రెట్టింపుల్లోకి మారుస్తాం. 1,500 నుంచి 6,000 అంటే రెండు రెట్టింపులు. 1,500 నుంచి 375 కి దిగితే రెండు సగాలు, అదీ రెండే దూరం. వ్యూస్ లో సగానికి పడిపోవడమూ రెట్టింపవడమూ సమానమైన కదలికలు కాబట్టి ఈ కొలత నప్పుతుంది. షీటులో, కొలిచే వీడియో `C2` లో, పాతవి `C3` నుంచి `C11` దాకా ఉంటే:

```
=LOG(C2/MEDIAN(C3:C11), 2)
```

పాత వీడియోలు ఒక్కొక్కటీ మీడియన్ నుంచి ఎన్ని రెట్టింపుల దూరంలో ఉన్నాయో, పైనైనా కిందైనా, ఇలాగే తీసి, ఆ దూరాలకి మళ్ళీ మీడియన్ కడతాం. అదే ఆ చానల్ ఊగిసలాట. నాగర్‌కర్నూల్ తొమ్మిదికి అది సరిగ్గా 2 వస్తుంది. గద్వాలకి 1, వనపర్తికి 0.5 అనుకుందాం. వీడియో రెట్టింపుల్ని ఊగిసలాటతో భాగిస్తే నాగర్‌కర్నూల్ కి 2/2 = 1. గద్వాలకి 1.68/1 = 1.68. వనపర్తికి 1.32/0.5 = 2.64.

వ్యూస్ చూస్తే గద్వాల, రెట్లు చూస్తే నాగర్‌కర్నూల్, ఊగిసలాట కూడా చూస్తే వనపర్తి. మీడియన్ లెక్కలో అందరికన్నా వెనకబడ్డ యూరియా వీడియోనే దాని చానల్ అలవాటుని అన్నిటికంటే ఎక్కువ దాటింది.

ఈ లెక్కకీ కంతలున్నాయి. ఒక చానల్ మరీ నిలకడగా ఉండి ఊగిసలాట 0.1 వస్తే, కాస్త పెరిగిన వీడియోకి కూడా కొండంత స్కోరొస్తుంది. అందుకే అరకంటే తక్కువొస్తే అరగానే తీసుకుంటాం. చానల్ మొత్తం దిగజారుతుంటే మీడియన్ కూడా దిగుతుంది, నాసి వీడియో కూడా బాగున్నట్టు కనబడుతుంది. కాబట్టి ప్రతి చానల్ మీడియన్ నెలనెలా ఎటు పోతోందో వేరే గడిలో రాసిపెడతాం. లెక్క సరిగ్గా ఉందా అని తెలుసుకోవడానికి ఆర్నెల్ల పట్టిక తీసి, పై పది స్థానాల్లో ఏ చానల్ ఎన్నిసార్లుందో లెక్కపెడతాం. ఆ వాటా వాళ్ళు పెట్టిన వీడియోల వాటాకి దగ్గరగా ఉండాలి. ఒకే ఊరు పదే పదే పైకొస్తుంటే సైజో ఊగిసలాటో ఇంకా ఎక్కడో మిగిలిపోయినట్టే.

సరిచేయలేనిది ఒకటుంది. జూరాల గేట్లు ఎత్తింది మా రిపోర్టరు కాదు, కృష్ణకి వరదొచ్చింది. స్కోరుకి వరదా కష్టమా అన్నది తెలియదు. అందుకని పట్టికలో చివరి గడి ఖాళీగా ఉంచి, ఆ వీడియో ఎందుకు ఎక్కిందో ముగ్గురు రిపోర్టర్లనీ కూర్చోబెట్టి రాయిస్తాను. బహుమతి స్కోరుని బట్టే ఇస్తాం. పెట్రోలు కోత మాత్రం ఆ గడి చదవకుండా వేయం.