ఏ కొలువు తిరిగి రాదు?

మా ఆయనకు ప్రమోషన్ మీద భువనేశ్వర్ బదిలీ వచ్చిన రాత్రి, గుంటూరులో మా వంటింటి గట్టు దగ్గర కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాం. జీతాలు పోల్చితే నేనే మానేసి వెంట వెళ్లాలి. చాలా ఇళ్లలో లెక్క అక్కడితో అయిపోతుంది.

"ఎవరిది వదిలితే మళ్లీ రాదో అది చూద్దాం" అన్నారాయన. నాది ప్రభుత్వ టీచరు కొలువు, జిల్లా కేడర్. కోరి పక్క జిల్లాకు వెళ్లినా సీనియారిటీలో అట్టడుగున చేరాలి. రాష్ట్రం దాటితే ఆ కొలువే ఉండదు. ఆయనది బ్యాంకు; కొన్నేళ్లకోసారి ఎలాగూ కదిలిస్తారు, భార్య ఉద్యోగం కారణంగా చూపి వెనక్కి అడగొచ్చు. అయితే అడగడం హక్కే గానీ రావడం హక్కు కాదు, అక్కడ ఖాళీ ఉండాలి. నేను ఉండిపోయాను.

మూడో నెలకు భయం వేసింది. రాత్రి ఫోన్లలో కరెంటు బిల్లు, పాప ఫీజు, గ్యాస్ బండ తప్ప మాటల్లేవు. దూరం కన్నా అదే ఎక్కువ బాధించింది. లెక్కలన్నీ ఆదివారం పొద్దున అరగంటకు మార్చేశాం. రాత్రిళ్లు మా కబుర్లకే.

నిన్న రెండో శనివారం. తెల్లారుజామున తలుపు తీస్తే, చొక్కా నలిగిపోయి, చేతిలో ఛెనాపోడా పొట్లంతో ఆయన. పాపను లేపకుండా మెట్ల మీదే కూర్చుని తినేశాం.