నీళ్ళు నిలిచిన చెరువు మమ్మల్ని మోసం చేసింది

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. మీ ఊరి పైన చెరువు గానీ చెక్‌డ్యామ్ గానీ ఉంటే ఇది మీకు పనికొస్తుంది.

మేం ముగ్గురం ఒకే ఊరివాళ్ళం. మాది రంపచోడవరం వైపు కొండ ఊరు. ఇప్పుడు అమలాపురం హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. ఇక్కడ నీళ్ళ కోసం ఎవరూ పైకి చూడరు. కాలవలో గోదారి నీళ్ళు, పెరట్లో నాలుగు నిలువులు తవ్వకముందే ఊట. ఇంకా లోతుకి పోతే చాలాచోట్ల ఉప్పునీళ్ళు తగుల్తాయి గనక పైన ఉన్న నీటినే జాగ్రత్తగా వాడుకుంటారు. మా ఊళ్ళో ఫిబ్రవరి దాటితే బావి అడుగంటుతుందని, వాగులో చెలమ తీసి గిన్నెతో తోడుకుంటామని చెప్తే, రూమ్మేటు "అదేంట్రా, మీకు వానలెక్కువ కదా!" అన్నాడు. నిజమే, ఎక్కువే. ఆ వాన ఎటు పోతుందో మాకూ అప్పటికి తెలీదు.

మా ఊరి పైన ఒక ఊట చెరువు ఉంది. మేం చిన్నప్పుడు కట్టారు. సంక్రాంతికి ఇంటికెళ్తే అందులో నీళ్ళు నిండుగా ఉండేవి, గేదెలు పడుకునేవి. అది చూసి మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళం. కింద బావి మాత్రం ఎప్పటిలాగే ఎండేది. ఊట చెరువు సంగతి చదివాక అర్థమైంది, మేం గొప్ప అనుకున్నదే అసలు లోపమని.

సాగు చెరువు నీటిని పట్టి ఉంచాలి. ఊట చెరువు నీటిని వదిలేయాలి, అదీ కిందికి. వానాకాలంలో నిండి, ఫిబ్రవరి నాటికి ఖాళీ అయిపోవాలి. ఎండలు ముదిరేదాకా నీళ్ళు నిలిచాయంటే అవి భూమిలోకి పోవట్లేదు, ఆకాశంలోకి పోతున్నాయి.

ఇది కర్రతో తేల్చుకోవచ్చు. మొన్న శీతాకాలం సెలవుల్లో గీతలు గీసిన కర్ర ఒకటి చెరువులో పాతి, వాన లేని పది రోజులు చూశాం. తగ్గింది ఐదు సెంటీమీటర్లు, అంటే రోజుకి 5 మిల్లీమీటర్లు. ఆ కాలంలో ఎండకి, గాలికి ఆవిరయ్యేదే దాదాపు అంత. అంటే భూమిలోకి పోయింది దాదాపు సున్నా. రోజుకి 20 తగ్గి ఉంటే 15 కిందికి దిగాయని సంతోషించేవాళ్ళం.

ఎందుకు దిగలేదు? గట్టు పక్కన మోకాలి లోతు తవ్వి చూస్తే జిగట బంకమట్టి, ఉండ చేస్తే కుండ చేసుకోవచ్చు. దానిపైన ఏటేటా కొండ నుంచి దిగిన ఒండ్రు. కట్టినప్పుడు కట్టకి అనువైన సన్నటి చోటు చూశారు, నేల కింద ఏముందో చూడలేదు. ఊట చెరువుకి చోటే సగం డిజైను. పైన గరప నేల, దాని కింద పొడిపొడిగా మెత్తబడిన రాయి ఉండాలి. ఆ మెత్తరాయి కిందున్న బావుల దాకా సాగి ఉండాలి. లేకపోతే ఇంకిన నీరు మనకి కాకుండా ఎటో పోతుంది. కట్టకి ముందే చెరువు గర్భంలో రెండు మూడు చోట్ల మూడడుగుల గుంతలు తీసి, నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ నింపి గంటకి ఎంత దిగుతుందో చూడాలి. కట్ట కింద నుంచి కొంచెం ఊరినా ఇక్కడ తప్పు కాదు. మట్టిని కోసుకుపోకుండా స్వచ్ఛంగా ఊరితే చాలు. బురదనీరు వస్తే మాత్రం కట్టకి ప్రమాదం.

సరైన చోట కడితే ఎంత లాభం? మా వాగుకే లెక్క వేశాం. నీళ్ళు జారే కొండవాలు 100 ఎకరాలు, అంటే 40 హెక్టార్లు. 50 మిల్లీమీటర్ల గట్టి వాన పడి, అందులో ఐదో వంతు పారిందనుకుంటే 4,000 ఘనమీటర్లు. చెరువుని అంతకే కట్టాం అనుకుందాం. ఇంకుతూ నిండుతూ ఏడాదికి రెండున్నర సార్లు నిండితే 10,000. ఆవిరి పోగా 7,000 భూమిలోకి దిగుతాయి. అంతకంటే పెద్ద వాన వస్తే అలుగు మీదుగా పోవాలి. అలుగు చిన్నదైతే నీరు కట్టెక్కి కట్టనే కోస్తుంది. పైగా వాగంతా మనమే ఆపేస్తే కింది ఊరోళ్ళకి ఏం మిగులుతుంది?

ఆ 7,000 కింద 50 ఎకరాల్లో పరుచుకుంటే మూడున్నర సెంటీమీటర్ల నీరే. కానీ మెత్తరాయిలో నీరు పట్టే సందులు నూటికి రెండు పాళ్ళే అనుకుంటే, బావిలో మట్టం 1.75 మీటర్లు లేస్తుంది. దాదాపు ఆరడుగులు! ఇక్కడే మళ్ళీ మోసపోతాం. మట్టం ఎంత లేచినా ఉన్న నీరు అదే 7,000. ఎకరం దాళ్వా వరికి దాదాపు 5,000 కావాలి. ఎవరో ఒకరు బోరు వేసి ఎకరంన్నర వరి పెడితే ఊరందరి నీరు అయిపోయినట్టే. అదే నీటితో వేరుశనగ లాంటి ఆరుతడి పంట నాలుగెకరాలకి పైగా పండుతుంది. లేదా తాగడానికి వేసవంతా దాచుకోవచ్చు. అందుకే చెరువు లెక్కతో పాటు బావి లెక్క కూడా ఊరంతా కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.

మరి మా పాత చెరువుని ఏం చేయాలి? రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్, ఊరివాళ్ళు కలిసి చేసిన పని చదివాం. 465 హెక్టార్ల వాలులో ఒక్క పెద్ద చెరువు మీద ఆధారపడలేదు. చిన్న చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలు వాలంతా చేశారు, ఎండిపోయిన 28 బావుల్లోకి వాననీరు మళ్ళించారు. కట్టలకి దగ్గరగా ఉన్న బావులు బాగా లేచాయి, దూరంగా ఉన్నవి తక్కువ లేచాయి.

దాన్నిబట్టి మేం గీసుకున్న ప్లాను ఇది. ముందు ఎండాకాలంలో ఒండ్రు తీసి పొలాలకి తోలడం. తర్వాత చెరువు గర్భంలో బంకమట్టిని దాటి మెత్తరాయి తగిలేదాకా ఒక రీఛార్జ్ బావి తవ్వడం. అడుగున పెద్ద రాళ్ళు, మధ్యలో గులకరాళ్ళు, పైన ముతక ఇసుక. బురద ఇసుక మీదే ఆగుతుంది గనక ఏటా పై పొర గీకి, కడిగి మళ్ళీ వేయాలి. ఒక్క ఏడు మానేసినా మూసుకుపోతుంది. గేదెల్ని మాత్రం ఇక చెరువులోకి దించకూడదు. ఆ నీరు ఇసుక దాటి నేరుగా మనం తాగే బావిలోకి వస్తుంది.

ఈ మాట ఊళ్ళో చెప్తే ఒక తాత, "నిండుగా ఉన్న చెరువుని ఖాళీ చేస్తామంటార్రా?" అని కోప్పడ్డాడు. ఆయనకి కర్ర చూపించాం. చాలాసేపు చూసి, "అయితే ఇన్నేళ్ళూ సూర్యుడికి తాగించామన్నమాట" అన్నాడు. గేదెలు ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే గ్రామసభలో అదే మొదటి మాట.

మీ ఊళ్ళో కూడా చెరువు ఉంటే, వాన లేని పది రోజులు చూసి కర్ర పాతండి. ఎంత తగ్గిందో కింద రాయండి, కలిసి లెక్క వేద్దాం.